ప్రశ్నను ఎంత చిన్నది చేయాలి? – ఒక ఎం.ఎడ్. విద్యార్థిని పరిశోధన ప్రతిపాదనపై మా పరిశీలన

మన సొసైటీ ఉపకారవేతనంతో ఎం.ఎడ్. రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఈ ఆగస్టులో తన పరిశోధన ప్రతిపాదనను సొసైటీకి పంపింది. దానికి ఒక దరఖాస్తు జతచేసింది. బస్సు ఛార్జీలకు, ప్రశ్నావళి ముద్రణకు, జిరాక్సులకు కలిపి 22,000 రూపాయలు కావాలని కోరింది. డబ్బు మంజూరు చేసే ముందు ప్రతిపాదనను చదివి అభిప్రాయం చెప్పమని కమిటీవారు మాకు అప్పగించారు. ముప్పై ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నాము, ఆ డిగ్రీ మేమూ చదివాము కనుక ఒప్పుకున్నాము. దాతలు ఇచ్చిన డబ్బు సంగతి కాబట్టి, ఆ అమ్మాయికి మేము ఏమి చెప్పామో, ఎందుకు చెప్పామో ఇక్కడ రాస్తున్నాము.

ప్రతిపాదన శీర్షిక ఇది: "రాయలసీమలో ముస్లిం బాలికల విద్యపై పేదరికం, సామాజిక, సాంస్కృతిక అంశాల ప్రభావం – ఒక అధ్యయనం". ఇరవై పేజీలు శ్రద్ధగా రాసింది. సచార్ కమిటీ నివేదిక నుంచి మొదలుపెట్టి విద్యాహక్కు చట్టం దాకా అన్నీ చదివింది. భాష బాగుంది. కానీ రెండుసార్లు చదివిన తరువాత కూడా మాకు ఒక సంగతి అంతుపట్టలేదు. పరిశోధన మొదలయ్యే రోజున ఈ అమ్మాయి పొద్దున్నే లేచి ఎక్కడికి వెళుతుంది? ఎవరి తలుపు తడుతుంది? ఏ రిజిస్టరు తెరుస్తుంది? ఇరవై పేజీల్లో దానికి జవాబు లేదు. ఒక ప్రశ్న మరీ పెద్దదని గుర్తుపట్టడానికి మాకు తెలిసిన సులువైన గుర్తు ఇదే.

ఒక ఆదివారం మధ్యాహ్నం తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. శీర్షికలోని మాటలను ఒక్కొక్కటే తీసి అడిగాము. రాయలసీమ అంటే 2022 విభజన తరువాత ఎనిమిది జిల్లాలు. "అన్నీ తిరుగుతావా అమ్మా?" "జిల్లాకు యాభై మంది చొప్పున నాలుగు వందల మందిని తీసుకుంటాను సార్." బాలికలు అంటే ఒకటో తరగతి పిల్లా, ఇంటర్ పిల్లా? "అందరూ సార్." విద్య అంటే బడిలో చేరడమా, రోజూ రావడమా, మార్కులా, మధ్యలో మానేయడమా? ఈసారి కొంచెం ఆగింది. "అన్నిటి మీదా ప్రభావం ఉంటుంది కదా సార్" అన్నది.

ఉంటుంది. ఆ మాటను మేము కాదనలేదు. కానీ ఆదోనిలో ఆరో తరగతి చదివే పిల్ల హాజరునూ, మదనపల్లెలో ఇంటర్ చదివే పిల్ల మార్కులనూ ఒకే పట్టికలో కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఆ ఇద్దరిలో ఎవరిదీ కాదు. సచార్ కమిటీకి కేంద్ర ప్రభుత్వం అండ ఉంది, జనాభా లెక్కలు, జాతీయ నమూనా సర్వేలు చేతిలో ఉన్నాయి. ఏడుగురు సభ్యులు 2005లో మొదలుపెట్టి 2006 నవంబరులో నివేదిక ఇచ్చారు. ఈ అమ్మాయి చేతిలో ఉన్నది ఒక బస్సు పాసు, అయిదు నెలల సమయం.

అయితే పరిమాణం ఒక్కటే దోషం అనుకుంటే పొరపాటు. నాలుగు వందల మందికి బదులు నాలుగు వేల మందిని తీసుకున్నా ఆ ప్రశ్నకు జవాబు రాదు. ఇది ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది, అందుకని ఇక్కడ కూడా నిదానంగా చెబుతాము.

ఆమె మనసులో ఉన్న వాదన ఇది: పేదరికం వల్ల పిల్లలు బడి మానేస్తున్నారు. దీన్ని చూపడానికి బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకోవాలని అనుకుంది. వెళితే ఏమి కనిపిస్తుంది? దాదాపు ప్రతి ఇంట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటుంది. తండ్రి ఆటో నడుపుతాడు, లేదా మెకానిక్ షెడ్డులో పనిచేస్తాడు, తల్లి ఇంట్లో కుట్టుపని చేస్తుంది. నూటికి తొంభై మంది పేదవారే, కాబట్టి పేదరికమే కారణం అని రాసేస్తుంది. కానీ అదే వీధిలో, అదే రేషన్ కార్డు ఉన్న ఇంట్లో, అదే ఏడాది అయిదో తరగతి ముగించి, ఆరులో చేరి ఇప్పటికీ బడికి వెళుతున్న పిల్ల ఉన్నది. ఆ ఇంటికి ఆమె వెళ్లదు, ఎందుకంటే ఆ పిల్ల బడి మానలేదు. వెళ్లి ఉంటే అక్కడా తెల్ల కార్డే కనిపించేది. మానిన ఇంట్లోనూ, మానని ఇంట్లోనూ సమానంగా ఉన్నది ఆ రెండిళ్లకూ మధ్య తేడాను చెప్పలేదు. పేదరికం లెక్కలోకి రాదని మేము అనడం లేదు. ధనిక వీధినీ పేద వీధినీ పోల్చేవారికి అది కనిపిస్తుంది. అందరూ పేదలే ఉన్నచోట మాత్రం కొందరిని బడిలో ఉంచి కొందరిని ఇంట్లో ఉంచినది ఇంకేదో వెతకాలి.

ఇంత ధీమాగా చెబుతున్నాము కానీ, మా ఎం.ఎడ్. రోజుల్లో మేము చేసినది సరిగ్గా ఆమె చేయబోయినదే. ఒక జిల్లా మొత్తం ఉపాధ్యాయుల "వృత్తి సంతృప్తి" మీద అరవై ప్రశ్నలతో ప్రశ్నావళి వేసి, పోస్టులో పంపి, తిరిగి వచ్చినవి లెక్కపెట్టాము. "గణనీయమైన తేడా లేదు" అని ఆరు చోట్ల రాసి డిగ్రీ తెచ్చుకున్నాము. తేడా ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. ప్రశ్నావళిని తిరిగి పంపనివారే అందరికంటే అసంతృప్తితో ఉన్నవారు కావచ్చని మాకు చాలా ఏళ్ల తరువాత తట్టింది. ఆ బైండు పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. తీసి ఆమెకు చూపించాము. కొంచెం నవ్వింది. తరువాత మాటలు తేలికయ్యాయి.

శీర్షికను పక్కన పెట్టమని చెప్పి, "అసలు ఈ విషయం నీకు ఎందుకు పట్టింది?" అని అడిగాము. కాసేపు తండ్రి వైపు చూసింది. తరువాత తన అక్క సంగతి చెప్పింది. ఇద్దరూ కర్నూలు పాత పట్టణంలో ఒకే ఉర్దూ ప్రాథమిక పాఠశాలలో చదివారు. అక్క తరగతిలో మొదటి స్థానంలో ఉండేది. అయిదో తరగతి తరువాత వేసవి సెలవులు వచ్చాయి. జూన్‌లో బడులు తెరిచారు. అక్క వెళ్లలేదు. "ఎవరూ మాన్పించలేదు సార్. ఎవరూ చేర్పించలేదు, అంతే." మూడేళ్ల తరువాత ఈ అమ్మాయి వంతు వచ్చినప్పుడు పక్కింటి పిల్ల ఒకతె అదే హైస్కూల్లో చేరుతోంది, ఇద్దరినీ కలిపి పంపారు. తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు. మేము ఆయనను ఏమీ అడగలేదు.

పరిశోధన ప్రశ్న అక్కడ ఉంది. ఇద్దరూ ఒకే ఇంటి పిల్లలు, ఒకే పేదరికం. ఒకరు ఆగిపోయారు, ఒకరు ఎం.ఎడ్. చదువుతున్నారు. అన్నేళ్ల చదువులో చూడవలసినది అయిదో తరగతికీ ఆరో తరగతికీ మధ్య ఉన్న ఆ ఒక్క వేసవి. ప్రాథమిక పాఠశాల అయిదుతో ముగుస్తుంది కనుక పిల్ల ఏ తప్పూ చేయకుండానే బడి ఆమెను బయటికి పంపుతుంది. మళ్లీ ఇంకో బడిలో చేర్చాలంటే ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెళ్లాలి. విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల 3 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది నియమం. కాగితం మీద రెండు కిలోమీటర్లే పెరిగింది. పదకొండేళ్ల పిల్ల ఒంటరిగా దాటవలసిన రోడ్లు ఎన్ని పెరిగాయో నియమంలో ఉండదు.

అలా కూర్చుని ఆ సాయంత్రం ప్రశ్నను ఇలా మార్చాము: "కర్నూలు పాత పట్టణంలోని నాలుగు ఉర్దూ ప్రాథమిక పాఠశాలల్లో 2023, 2024 ఏప్రిల్ నెలల్లో అయిదో తరగతి ముగించిన బాలికల్లో ఎంతమంది ఆరో తరగతిలో చేరారు, ఏ మాధ్యమంలో చేరారు? చేరనివారి ఇళ్లకూ చేరినవారి ఇళ్లకూ ఆ వేసవిలో ఏమి తేడా జరిగింది?" రెండు బ్యాచ్‌లే ఎందుకంటే కరోనా కాలంలో చేరికలు తారుమారయ్యాయి, ఆ ఏళ్లను కలిపితే లెక్క చెడుతుంది. పైగా 2022లో కొన్నిచోట్ల 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలల నుంచి తీసి ఉన్నత పాఠశాలలకు కలిపారు. అలా కలిపిన బడుల్లో పిల్ల గడప దాటేది అయిదు తరువాత కాదు, రెండు తరువాత. అందుకని కలపని బడులనే ఎంచుకోమన్నాము.

ఇప్పుడు మొదటి రోజు ఎక్కడికి వెళ్లాలో తెలుసు. ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు బల్ల మీద అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. అందులో పిల్ల పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, బడి విడిచిన తేదీ, రికార్డు షీట్ నంబరు ఉంటాయి. చేరిన ఉన్నత పాఠశాల రిజిస్టరులో అంతకుముందు చదివిన బడి పేరు రాస్తారు. ఈ రెండిటినీ కలిపి చూస్తే పిల్ల ఎటు వెళ్లిందో దొరుకుతుంది. వినడానికి సులువు. చేస్తే ఒక రిజిస్టరులో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇంకో దానిలో బేగం అని చివర చేరుతుంది. పుట్టిన తేదీతో కలుపుదామంటే చేర్చేటప్పుడు అందాజుగా వేసిన జూన్ తేదీలు కొందరివి ఒకటే ఉంటాయి. అందుకని తండ్రి పేరు, రికార్డు షీట్ నంబరు రెండూ కలిస్తేనే అదే పిల్ల అని రాసుకోమన్నాము. ఇప్పుడు యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లకూ శాశ్వత సంఖ్య ఉంది కదా, అక్కడ చూస్తే పోదా అని ఆమె అడిగింది. హెడ్మాస్టరు తన లాగిన్‌లో చూసి చెప్పగలిగితే మంచిదే. కానీ అక్కడ ఏ బడికీ చేరని జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన పిల్ల మానేసిందని రాయకూడదు. కొత్త బడివారు ఇంకా తమ పేజీలోకి తీసుకోకపోయినా పేరు అక్కడే ఉండిపోతుంది.

తరువాత ఒక తెల్లకాగితం ఇచ్చి, పరిశోధన పూర్తయినట్టు అనుకుని చివరి పట్టికను ఇప్పుడే గీయమన్నాము, అంకెలు లేకుండా ఖాళీ గళ్లతో. పాత ప్రశ్నకు ఆమె పట్టిక గీయలేకపోయింది, అడ్డంగా ఏమి రాయాలో నిలువుగా ఏమి రాయాలో తేలలేదు. కొత్త ప్రశ్నకు అయిదు నిమిషాల్లో గీసింది. నిలువుగా నాలుగు బడులు. అడ్డంగా "ఉర్దూ మాధ్యమంలో చేరినవారు", "వేరే మాధ్యమంలో చేరినవారు", "చేరనివారు". మేము నాలుగో గడి ఒకటి కలిపాము: "ఆచూకీ దొరకనివారు".

ఆ గడి ఎందుకో చెప్పడానికి మాటవరసకు కొన్ని అంకెలు వేసుకున్నాము. ఇవి నిజమైన లెక్కలు కావు. బడికి ఏటా పదిహేను మంది చొప్పున రెండేళ్లకు 120 మంది బాలికలు అనుకుందాం. వారిలో 84 మంది ఆరో తరగతిలో దొరికారు. 16 మంది ఇంట్లో ఉన్నారని ఇళ్లకు వెళ్లి రూఢి చేసుకుంది. 20 మంది ఇల్లు మారారు, ఎవరికీ తెలియదు. మామూలుగా విద్యార్థులు ఆ 20 మందిని వదిలేసి, దొరికిన వందలో 16 మంది, కాబట్టి నూటికి 16 అని రాస్తారు. కానీ ఆ 20 మందీ వేరే ఊళ్లో చేరి ఉంటే మానినవారు 120లో 16, అంటే నూటికి 13. ఆ 20 మందీ మానేసి ఉంటే 120లో 36, అంటే నూటికి 30. నిజం ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంది. ఇల్లు మారిన కుటుంబాల పిల్లలే బడి మానే అవకాశం ఎక్కువ కనుక 16 అన్నది తక్కువ చెప్పడమే కావచ్చు. "13 నుంచి 30 మధ్య" అని రాస్తే పరీక్షకులు పెదవి విరుస్తారేమో అని ఆమె భయపడింది. విరవనీ. దొరకని పేర్లు తగ్గించడానికి ఇంకో వారం తిరగడం వేరు, దొరికినట్టు రాయడం వేరు.

ఇళ్లకు వెళ్లే భాగం గురించి ఒకే షరతు పెట్టాము. చేరని ఒక్కో పిల్ల ఇంటికి జతగా, అదే బడి, అదే బ్యాచ్, వీలైతే అదే వీధి నుంచి, చేరిన ఒక పిల్ల ఇంటికి కూడా వెళ్లాలి. రెండు చోట్లా అవే ప్రశ్నలు అడగాలి. బడి వదిలిన రోజు నుంచి జూన్‌లో బడి తెరిచేదాకా ఏమి జరిగింది? రికార్డు షీట్ ఎవరు తెచ్చుకున్నారు, లేక ఇంకా బడిలోనే ఉందా? కొత్త బడి చూడడానికి ఎవరైనా వెళ్లారా? తోడు వెళ్లే పిల్ల ఉందా? ఇంట్లో చిన్నపిల్లలు ఎంతమంది? కొత్త బడిలో ఏ మాధ్యమం అని చెప్పారు? "మీ అమ్మాయి ఎందుకు మానేసింది?" అని మాత్రం అడగవద్దన్నాము. ఆ ప్రశ్నకు ప్రతి తల్లి దగ్గరా సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది, అది ఎక్కువగా అడిగినవారి ముఖం చూసి చెప్పే జవాబు.

పదహారు జతలతో పెద్ద నిర్ణయాలు చేయలేమని కూడా స్పష్టంగా రాశాము. ప్రతిపాదనలో ఉన్న కై-స్క్వేర్ పరీక్షను తీసేయమన్నాము. గడిలో రావలసిన సంఖ్య అయిదు లోపు పడితే ఆ పరీక్ష ఫలితాన్ని నమ్మలేము, ఇక్కడ చాలా గళ్లు అలాగే పడతాయి. పదహారు జతల్లో పదకొండు చోట్ల చేరిన పిల్లకు తోడు ఉంది, చేరని పిల్లకు లేదు అని తేలితే, ఉన్నది ఉన్నట్టు అలాగే రాయాలి. రాయలసీమ అంతా అలాగే ఉందని రాయకూడదు. కారణం రుజువైందని కూడా రాయకూడదు.

సమయం సంగతి. ఫిబ్రవరి మూడో వారంలో రంజాన్ మొదలవుతుంది, ఆ నెలలో ఇళ్లకు వెళ్లి గంటసేపు కూర్చోవడం భావ్యం కాదు. మార్చిలో పదో తరగతి పరీక్షలు, హెడ్మాస్టర్లు దొరకరు. కనుక నవంబరులో రిజిస్టర్లు, డిసెంబరు, జనవరి నెలల్లో ఇళ్లు. శీర్షిక మార్చడానికి గైడు సంతకం, విభాగం అనుమతి మళ్లీ కావాలి, వాటికి సెప్టెంబరు సరిపోయింది. ఖర్చు 22,000 నుంచి 7,500కు తగ్గింది. కమిటీకి మేము సిఫారసు చేసినది ఈ మొత్తమే, అది మంజూరైంది.

మంజూరు రోజున ఒక దాత మంచి మనసుతోనే ఒక మాట అన్నారు: ఎలాగూ ఇళ్లకు వెళుతోంది కదా, మానేసిన పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు సొసైటీకి ఇస్తే మనమే వెళ్లి చేర్పించవచ్చు. మేము వద్దన్నాము, కొందరికి నచ్చలేదు. ఆ తల్లులు చదువుకునే ఒక అమ్మాయితో మాట్లాడుతున్నారు, పేరు బయటికి రాదన్న మాట మీద మాట్లాడుతున్నారు. పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఇళ్లలో నిశ్చితార్థం దాకా ఏ మాటైనా రావచ్చు. మరుసటి వారం నలుగురు పెద్దమనుషులు ఆ గుమ్మం ముందు నిలబడితే ఆమె మాట పోతుంది, ఆ వీధిలో ఇంకో తలుపు తెరుచుకోదు. ఒక మధ్యమార్గం కుదిరింది. సొసైటీ ఫోన్ నంబరు ఉన్న చీటీని ఆమె ప్రతి ఇంట్లో, చేరిన పిల్ల ఇంట్లోనూ, ఇచ్చి వస్తుంది. ఫోన్ చేయడం, చేయకపోవడం ఆ తల్లి ఇష్టం.

అక్టోబరులో సరిచేసిన ప్రతిపాదనతో మళ్లీ వచ్చింది. తొమ్మిది పేజీలు. చదువుతుంటే చివర్లో అడిగింది, "సార్, మా ఆపా ఇందులో ఎక్కడా రాదు కదా?" రాదు. ఆమె బడి వదిలి పన్నెండేళ్లు దాటింది, ఆ బ్యాచ్ ఈ లెక్కలో లేదు. ఆ మాటే చెప్పాము. కాసేపు కాగితాలు సర్దుకుంటూ కూర్చుంది. తరువాత ఇళ్లలో అడిగే ప్రశ్నల జాబితా తీసి, పెన్నుతో మొదటి ప్రశ్నకు పైన ఇంకో ప్రశ్న రాసింది: "జూన్‌లో బడి తెరిచిన రోజు ఉదయం మీ అమ్మాయి ఎక్కడ ఉంది?"